ఫ్లష్ బలం తగ్గితే: కమోడ్ మార్చే ముందు ఒక బకెట్ నీళ్లు

ఫ్లష్ నొక్కితే ట్యాంకు ఖాళీ అవుతున్న చప్పుడు బాగానే వినిపిస్తుంది. నీళ్లూ వస్తాయి. కానీ కమోడ్‌లో ఉన్నది కదలదు, లేదా సగం పోయి సగం మిగులుతుంది. మళ్లీ ట్యాంకు నిండేదాకా ఆగి ఇంకోసారి నొక్కాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో, కమోడ్ బిగించి ఏడెనిమిదేళ్లు దాటాక ఈ మాట తరచుగా వినిపిస్తుంది. ఒక్కరోజులో వచ్చే తేడా కాదు కాబట్టి ఇంట్లోవాళ్లు అలవాటు పడిపోతారు. ఒకసారి నొక్కాల్సిన చోట రెండుసార్లు నొక్కడం మామూలైపోతుంది. చుట్టాలొచ్చి ‘మీ ఫ్లష్ పనిచేయట్లేదు’ అంటే తప్ప అదొక లోపమని తోచదు.

అప్పుడు దొరికే సలహాలు రెండే. ఒకటి, యాసిడ్ పోయమని. రెండు, కమోడ్ మార్చమని. రెండూ కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో తెలుసుకోకుండా ఏది చేసినా గుడ్డిగా చేసినట్టే. అడ్డు పడే చోట్లు ముఖ్యంగా రెండున్నాయి. నీళ్లు కమోడ్‌లోకి వచ్చే దారి ఒకటి, కమోడ్‌లోంచి పోయే దారి ఒకటి. పైనుంచి చూస్తే రెంటి లక్షణమూ ఒకటే, ‘సరిగా పోవట్లేదు’ అన్నది. వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

వచ్చే దారి సంగతి ముందు చూద్దాం. కమోడ్ పైఅంచు లోపలివైపుకు వంగి ఉంటుంది. దాని కింద బోలుగా ఒక కాలువ, కమోడ్ చుట్టూ తిరుగుతుంది. ట్యాంకులో నీళ్లు వెనకనుంచి ఈ కాలువలోకి దిగి, అంచు అడుగున వరసగా ఉన్న చిన్న చిన్న రంధ్రాల్లోంచి గోడల మీదుగా జారతాయి. వెనకభాగాన కాస్త పెద్ద రంధ్రమో చీలికో ఉండి, ఎక్కువ నీళ్లు అక్కడినుంచి ఒక్కసారిగా దూకుతాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే రకాన్ని వాష్‌డౌన్ అంటారు. ఇందులో పని చేసేది నీళ్ల బరువు, వేగం. ఆరు లీటర్లు నాలుగైదు సెకన్లలో పడితే, ఆ తోపుకి కింద ఉన్నదంతా వంపు దాటి వెళ్లిపోతుంది. అవే ఆరు లీటర్లు పన్నెండు సెకన్లు తీసుకుంటే నీళ్లు నీళ్ల మీదుగా జారిపోతాయి తప్ప దేన్నీ తొయ్యవు. ఫ్లష్‌లో లీటర్ల కంటే సెకన్లకే విలువ ఎక్కువ.

పోయే దారి అంటే ట్రాప్. కమోడ్ అడుగున పైప్ కిందికి వంగి, మళ్లీ పైకి లేచి, ఆపైన డ్రైనేజీలోకి దిగుతుంది. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకునేది ఆ నీళ్లే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ లండన్‌లో పేటెంట్ తీసుకున్న ఎస్ ఆకారపు వంపు ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఇప్పటికీ అంతకంటే సులువైన ఉపాయం రాలేదు. కొన్ని ఖరీదైన కమోడ్‌లలో ఈ వంపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నీళ్లు దాన్ని నిండుగా నింపాక, డ్రమ్ములోంచి గొట్టంతో కిరోసిన్ లాగినట్టు, లోపలున్నదాన్ని లాగేసుకుంటుంది. దీన్ని సైఫన్ రకం అంటారు. ఈ రకంలో అంచు రంధ్రాలు కొంచెం పూడినా తేడా తెలిసిపోతుంది. నీళ్లు గబుక్కున రాకపోతే వంపు నిండదు, నిండకపోతే లాగుడు మొదలవదు.

ఇక రంధ్రాలు పూడేది ఎందుకంటే గార వల్ల. బకెట్ల అంచుకి, కుళాయి మూతికి, గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి గారే ఇక్కడా పడుతుంది. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. లోతైన బోర్ల నీళ్లలో 500 ఉండటం మన ప్రాంతాల్లో వింతేమీ కాదు. ఒక లెక్క వేసి చూడండి. 500 ఉన్న నీళ్లతో ఆరు లీటర్ల ఫ్లష్ ఒకసారి నొక్కితే మూడు గ్రాముల ఖనిజం కమోడ్ గుండా పోతుంది. ఇంట్లో అందరూ కలిసి రోజుకు పదిహేనుసార్లు నొక్కితే 45 గ్రాములు. ఏడాదికి 16 కిలోల పైమాటే. అందులో దాదాపు అంతా నీళ్లతోపాటే పోతుంది. కానీ ఫ్లష్ ఆగాక ప్రతి రంధ్రం పెదవి మీద ఒక చుక్క వేలాడుతుంది. అది ఆరుతుంది, దాని ఉప్పు అక్కడే మిగులుతుంది. మళ్లీ ఫ్లష్, మళ్లీ చుక్క. అలా ఏళ్ల తరబడి.

గార పొర చూడ్డానికి పలచగానే ఉంటుంది, చేసే నష్టం మాత్రం చాలా. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం లోపల చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల గార పట్టిందనుకోండి. మూడు మిల్లీమీటర్ల దారి మిగులుతుంది. సగం మిగిలింది కదా అనిపిస్తుంది గానీ, వెడల్పు సగమైతే నీళ్లు పోయే చోటు నాలుగో వంతే. అందుకే చాలాకాలం బాగానే ఉన్నట్టుండి, చివరి ఏడాది రెండేళ్లలో ఫ్లష్ గబగబా నీరసించిపోతుంది.

ట్రాప్‌లో పట్టే గార కొంచెం వేరు. అక్కడ నిలవనీళ్లలో మూత్రం కలుస్తుంది. బ్యాక్టీరియా అందులోని యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. దాంతో నీటి క్షారగుణం పెరిగి, కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు పేరుకుంటాయి. ఇది తెల్లగా ఉండదు. పసుపు, గోధుమ రంగుల్లో గట్టిగా, గరుకుగా ఉంటుంది. దారిని సన్నం చేయడం ఒక్కటే కాదు దీనితో ఇబ్బంది. నున్నటి పింగాణీ మీద జారిపోవాల్సిన వెంట్రుకా, కాగితమూ ఈ గరుకు మీద తగులుకుని ఆగుతాయి. ఆగినదాన్ని పట్టుకుని ఇంకోటి ఆగుతుంది.

ఎక్కడ లోపముందో కనిపెట్టడానికి ముందుగా ట్యాంకు మూత తీసి చూడాలి. లోపల గోడ మీద నీటిమట్టం గీత ఉంటుంది. నీళ్లు దానికి రెండంగుళాలు కిందే ఆగిపోతుంటే, ఫ్లోట్ సర్దితే సమస్య అక్కడితో తీరవచ్చు. కింద యాంగిల్ కాక్ సగమే తెరిచి ఉంటే ట్యాంకు నిండటం ఆలస్యమవుతుంది, మనం నిండకముందే నొక్కేస్తాం. నీళ్లు ఆదా అవుతాయని ఎవరైనా ట్యాంకులో ఇటుకో నీళ్ల సీసానో పెట్టి మర్చిపోయి ఉండవచ్చు. రెండు బటన్లున్న ట్యాంకుల్లో చిన్న బటన్ మూడు లీటర్లే వదులుతుంది. ఇవన్నీ ఒక్క నిమిషంలో తేలిపోయేవి.

ట్యాంకు సరిగా ఉందనుకున్నాక, పెద్ద బటన్ నొక్కి కమోడ్‌లోకి వంగి చూడండి. నీళ్లు అంచు చుట్టూ సమానంగా దిగుతున్నాయా, లేక వెనకనుంచి మాత్రమే వస్తున్నాయా? ముందువైపు గోడ పొడిగా ఉండిపోతోందా? కంటితో పట్టుకోలేకపోతే నీళ్లకు చెరిగిపోయే స్కెచ్ పెన్‌తో అంచుకి అంగుళం కింద, పొడి గోడ మీద చుట్టూ ఒక గీత గీయండి. ఫ్లష్ చేయండి. గీత ఎక్కడ మిగిలిందో దాని పైనున్న రంధ్రాలు పూడాయన్నమాట. కమోడ్‌లను పరీక్షించే ప్రయోగశాలల్లో చేసేదీ ఇలాంటిదే. అక్కడా అంచుకి 25 మిల్లీమీటర్ల కింద సిరాగీత గీసి, ఫ్లష్ తర్వాత ఎంత ముక్క మిగిలిందో కొలుస్తారు. ఆ తర్వాత చేతి అద్దం ఒకటి అంచు కిందికి పెట్టి, ఫోన్ లైటు అద్దం మీద పడేలా చూస్తే రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. పూడిన చోట రంధ్రం బదులు తెల్లటి బొడిపెలుంటాయి. కొన్నిచోట్ల అసలు అక్కడ రంధ్రం ఉందనే తెలియదు.

ఇక బకెట్ పరీక్ష. అసలు విషయం చెప్పేది ఇదే. ఏడెనిమిది లీటర్ల నీళ్లు బకెట్‌లో తీసుకుని, నడుమెత్తు నుంచి కమోడ్ మధ్యలోకి ఒక్క ఊపున, చిందకుండా పోయాలి. ఇలా పోసినప్పుడు ట్యాంకుతో, అంచు రంధ్రాలతో పని లేదు. నీళ్లు నేరుగా ట్రాప్‌కి చేరతాయి. గబుక్కున దిగిపోతే పోయే దారి బాగుంది, వచ్చే దారిలోనే లోపం. నీళ్లు పైకి లేచి, కాసేపు ఆగి, మెల్లగా దిగితే పోయే దారిలో ఏదో అడ్డముంది. బకెట్‌కి కూడా మొరాయించే కమోడ్‌కి ఎంత మంచి ట్యాంకు బిగించినా లాభం లేదు. బకెట్‌తో హాయిగా పోయే కమోడ్‌ని పగలగొట్టి తీసేయాల్సిన పనీ లేదు.

ఈ పరీక్షకీ ఒక లొసుగుంది. హైదరాబాద్‌లో మా చిన్నాన్న కూతురి ఇంట్లో అది బయటపడింది. వాళ్లది కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంట్. వంటకు నల్లా నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్. మాస్టర్ బెడ్‌రూమ్ కమోడ్‌లో ఫ్లష్ బలం పోయింది. ప్లంబర్ వచ్చి ఒకసారి నొక్కి చూసి, ‘మేడమ్, కమోడ్ పాతదైంది. ఇగ మార్చుడే’ అన్నాడు. కొత్తది, దాని చుట్టూ పగిలే టైల్స్, కూలీ అన్నీ కలిపి చెప్పిన లెక్క విని ఆమె నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి చూస్తే ట్యాంకు ఖాళీ కావడానికి పన్నెండు సెకన్ల దాకా పడుతోంది. స్కెచ్ పెన్ గీత ముందువైపు సగానికి సగం చెక్కుచెదరలేదు. అద్దంలో వెనకున్న కొన్ని రంధ్రాలు తప్ప మిగతావన్నీ గారతో మూసుకుపోయి కనిపించాయి. బకెట్ నీళ్లు మాత్రం దిగిపోయాయి. కొంచెం పైకి లేచాయేమో గానీ దిగడమైతే దిగాయి. ‘అయితే రంధ్రాలే కదన్నా, కడిగేద్దాం’ అంది.

రాత్రంతా నిమ్మ ఉప్పు పట్టించి కడిగాం. ఆ పద్ధతి కింద చెబుతాను. తెల్లారి చూస్తే రంధ్రాలు తెరుచుకున్నాయి. ట్యాంకు ఐదు సెకన్లలో ఖాళీ అయింది. కానీ అంత జోరుగా వచ్చిన నీళ్లు కమోడ్‌లో పైకి లేస్తూ పోయాయి, అంచుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగి, మెల్లగా దిగాయి. ఆమె కంగారుపడింది. కడిగి పాడుచేశామనుకుంది. నిజానికి కడగడంతో పాడైందేమీ లేదు. ట్రాప్‌లో అడ్డు అప్పటికే ఉంది. ఇన్నాళ్లూ నీళ్లు నెమ్మదిగా వస్తున్నాయి కాబట్టి, సగం మూసుకున్న ట్రాప్ ఆ నెమ్మదికి సరిపోయింది. వచ్చే దారి తెరవగానే పోయే దారి చాలలేదు. ఒక లోపం రెండోదాన్ని దాచిపెట్టింది.

అందుకే బకెట్ పరీక్ష రెండుసార్లు చేయాలి. మొదట ఉత్త నీళ్లతో. రెండోసారి ఐదారు టిష్యూ కాగితాలు విడివిడిగా ఉండ చుట్టి కమోడ్‌లో వేసి, వాటి మీద నీళ్లు పోసి. సగం అడ్డున్న ట్రాప్ ఉత్త నీళ్లను వదిలేస్తుంది. కాగితాన్ని పట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి వెళ్లిపోతే దారి నిజంగా బాగున్నట్టు. రెండు మూడు వెనక్కి తేలివస్తే ముందు ట్రాప్ సంగతి చూసి, ఆ తర్వాతే రంధ్రాల జోలికి వెళ్లాలి. ఇంకో కారణం కూడా ఉంది. ట్రాప్‌లో అడ్డుండగా యాసిడ్ పోస్తే అది కమోడ్‌లోనే నిలుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు ప్లంజర్ తీసుకుని కొడతారు. ఆ యాసిడ్ నీళ్లు ముఖం మీదికి, కళ్లలోకి చిందుతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఈ పనిలో లేదు.

ట్రాప్‌లో సగం అడ్డుకి మొదటి మందు ప్లంజర్. అడుగున లోపలికి మడిచే రబ్బరు పెదవి ఉన్న రకం కమోడ్‌కి సరిపోతుంది. సింకుల కోసం అమ్మే చదును రకం అంచుల్లోంచి గాలి వదిలేస్తుంది. రబ్బరు గిన్నె పూర్తిగా నీళ్లలో మునగాలి, లేకపోతే మనం తోసేది గాలినే. మొదటి తోపు మెల్లగా, లోపలి గాలి పోయేలా. ఆపైన పదిహేను ఇరవైసార్లు వరసగా తోస్తూ లాగాలి. చాలామంది తోయడం మీదే బలమంతా పెడతారు. ఇరుక్కున్న వస్తువుని కదిలించడంలో లాగుడికీ అంతే పాత్ర ఉంది. తోపు ఒక్కటే అయితే అది ఇంకా ముందుకెళ్లి గట్టిగా కూరుకుపోవచ్చు.

దానికీ లొంగకపోతే ప్లంబర్లు వాడే స్ప్రింగ్ తెప్పించాలి. ఒక చివర పిడి, మరో చివర కొక్కెంలాంటి చుట్ట, మధ్యలో వంగే ఇనుప తీగ చుట్ట. కమోడ్‌ల కోసం చేసినదానికి వంపు దగ్గర ప్లాస్టిక్ తొడుగుంటుంది, పింగాణీ మీద గీతలు పడవు. తిప్పుతూ లోపలికి పంపి, ఏదో తగిలాక ఇంకో రెండు మూడు చుట్లు తిప్పి, తిప్పుతూనే వెనక్కి లాగాలి. మా చెల్లెలి ఇంట్లో అలా బయటికొచ్చింది కమోడ్ అంచుకి తగిలించే సువాసన బిళ్ల తాలూకు ప్లాస్టిక్ పంజరం. దాని కొక్కెం ఎప్పుడో విరిగి, పంజరం లోపలికి జారింది. చదునుగా వంపుకి ఆనుకుని కూర్చోవడంతో నీళ్లకి దారిచ్చింది. దాని ఊచలకి చుట్టుకున్న వెంట్రుకల ఉండ గుప్పెడుంది, దాని మీదా పసుపు రంగు గార కట్టింది. అంటే అది పడి నెలలు గడిచి ఉండాలి. ఎంత యాసిడ్ పోసినా ప్లాస్టిక్ కరిగేది కాదు.

ఇరుక్కునేవాటిలో షాంపూ సాచెట్లు, సబ్బు ముక్కలు, తడి వైపులు, శానిటరీ ప్యాడ్‌లు, పిల్లల ఆటవస్తువులే ఎక్కువ. ప్యాడ్‌లు, వైపులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి కాబట్టి సగం అడ్డు పూర్తి అడ్డుగా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు. గట్టి వస్తువులు అలా కాదు. నెలల తరబడి కూర్చుని, ఫ్లష్ బలహీనంగా ఉందన్న భ్రమని కలిగిస్తూనే ఉంటాయి. ఒకరోజు బాగా పోయి, ఒకరోజు పోకపోవడం వీటి గుర్తు. వస్తువు అటూ ఇటూ తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా దారి మారుతుంది. గార వల్ల వచ్చే లోపంలో ఈ హెచ్చుతగ్గులుండవు. అది రోజూ ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు రంధ్రాలు కడగడం. ఇందుకు నేను ముందు చెప్పేది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పునే, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చటి నీళ్లకి వంద గ్రాములు. ఆ వంద గ్రాములు లెక్క ప్రకారం డెబ్భై గ్రాముల దాకా సున్నపు గారని కరిగించగలవు. ఐదు శాతం వెనిగర్ ఒక లీటరు నలభై గ్రాములకి మించి కరిగించదు, పైగా వాసన. నీళ్లు మరగకూడదు. చల్లటి పింగాణీ మీద మరిగే నీళ్లు పోస్తే పగులు వస్తుంది.

ఇబ్బందల్లా మందు రంధ్రాల దగ్గర నిలవకపోవడమే. పైనుంచి పోస్తే జారి కింద పడుతుంది. పాత నూలు గుడ్డని అరచేయి వెడల్పు పేలికలుగా చింపి, నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, చేతికి రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని అంచు అడుగున చుట్టూ ఒత్తి కూరాలి. ఎన్ని పెట్టారో లెక్క ఉండాలి. ఒకటి జారి ట్రాప్‌లో పడితే కొత్త అడ్డు మీరే పెట్టినట్టు. ముందుగా యాంగిల్ కాక్ కట్టేసి ట్యాంకు ఖాళీ చేయండి. రాత్రి ఎవరైనా మర్చిపోయి ఫ్లష్ నొక్కినా నష్టముండదు.

గుడ్డలు బయటి పెదవిని మాత్రమే నానబెడతాయి. కాలువ లోపలున్న గారకి మందు పైనుంచి చేరాలి. చాలా రెండు బటన్ల ట్యాంకుల్లో మధ్యనున్న వాల్వ్‌కి పైన తెరిచిన గొట్టం ఉంటుంది. ట్యాంకు పొంగితే నీళ్లు అందులోంచి కమోడ్‌లోకి పోతాయి. చిన్న గరాటుతో ఆ గొట్టంలో నిమ్మ ఉప్పు నీళ్లు కొంచెం కొంచెంగా, అరగంటకోసారి పోస్తే నేరుగా అంచు కాలువలోకి వెళ్తాయి. కింద గుడ్డలు కొంతవరకు ఆపుతాయి. గోడలో దాచిన ట్యాంకులకి ముందు ప్లేటు తీసి ఇదే చేయవచ్చు. అలవాటు లేకపోతే అది ప్లంబర్‌కి వదిలేయడం మేలు. పొంగే నీళ్లని గోడ బయటికి వదిలే పాత రకం ట్యాంకులకి ఈ దారి లేదు, వాటికి గుడ్డలే గతి.

పని జరుగుతుంటే సన్నటి బుడగలు కనిపిస్తాయి, చిటపట చప్పుడు కూడా వినిపించవచ్చు. అది గారలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. బుడగలు ఆగాయంటే గార అయిపోయి ఉండాలి, లేదా మందు చచ్చి ఉండాలి. కొత్త మందు రెండు చుక్కలు వేస్తే మళ్లీ బుడగలొస్తే ఇంకా గార ఉన్నట్టే. ఎనిమిది గంటలయ్యాక గుడ్డలు లెక్క చూసి తీసేసి, ప్లాస్టిక్ తొడుగున్న కరెంటు తీగని ఎల్ ఆకారంలో వంచి ఒక్కో రంధ్రంలోకి పైకి దూర్చి తిప్పాలి. మెత్తబడిన గార ముక్కలుగా రాలుతుంది. మేకు, స్క్రూడ్రైవర్ లాంటివి వద్దు. పింగాణీ మీది మెరుగు చెక్కుకుపోతే ఆ గరుకు మీద గార మరింత త్వరగా పడుతుంది. ఆ తర్వాత కాక్ తెరిచి నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, స్కెచ్ పెన్ గీత మళ్లీ గీసి చూడాలి. మొండి గారకి ఇంకో రాత్రి పడుతుంది.

ట్రాప్‌లోని పసుపు గారకి నిమ్మ ఉప్పు నెమ్మదిగా పనిచేస్తుంది. అక్కడ సీసాల్లో వచ్చే టాయిలెట్ క్లీనర్లు నయం. వీటిలో చాలావరకు పది శాతం దగ్గరగా హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. కానీ జనం దాన్ని నిలవనీళ్ల మీదే పోస్తారు. ఒకటిన్నర రెండు లీటర్ల నీళ్లలో పావు లీటరు పోస్తే పది శాతం కాస్తా ఒక శాతానికొస్తుంది. ముందు బ్రష్‌తోనో ప్లంజర్‌తోనో నీళ్లని వంపు అవతలికి తోసి, మిగిలినవి పాత మగ్గుతో తోడేసి, అప్పుడు పోయాలి. అదే సీసా అప్పుడు నాలుగింతల పని చేస్తుంది.

ఇదంతా ట్రాప్ తెరిచి ఉందని తేలాకే. ఇంకో విషయం మరీ ముఖ్యం. యాసిడ్ పోసిన కమోడ్‌లో బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ద్రావణం గానీ పడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. కావాలని ఎవరూ కలపరు. రాత్రి ఇంట్లోవాళ్లు యాసిడ్ పోసి పడుకుంటారు, పొద్దున పనమ్మాయి వచ్చి రోజూలాగే బ్లీచింగ్ చల్లుతుంది. కాబట్టి కమోడ్ మూత మీద కాగితం అంటించి, ఆమెతో నోటితో కూడా చెప్పాలి. అసలు బ్లీచింగ్ గారని కరిగించదు, దాని రంగు తీసి తెల్లగా కనిపించేలా చేస్తుంది అంతే. తోపుడు బండ్ల మీద విడిగా అమ్మే ముడి యాసిడ్ జోలికి అసలు పోవద్దు. యాసిడ్ అమ్మేవాళ్లు కొన్నవారి వివరాలు రిజిస్టర్‌లో రాసుకోవాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది దాడులు ఆపడానికి పెట్టిన నియమం. లేబుల్ లేని సీసాలో ఎంత గాఢత ఉందో తెలియకపోవడం మాత్రం మన చేతులకీ, మార్బుల్ నేలకీ, టైల్స్ మధ్య సిమెంటుకీ, జెట్ స్ప్రే నికెల్ పూతకీ సంబంధించిన సంగతి.

ఇంత చేసినా కొన్ని కమోడ్‌లు దారికి రావు. అంచు కాలువ లోపల గార రాయిలా నిండిపోయిన వాటిలో మందు చేరే సందే ఉండదు. రెండు రాత్రుల తర్వాత కూడా ముందువైపు ఒక్క రంధ్రం తెరుచుకోకపోతే అప్పుడు ప్లంబర్ మాట వినాల్సిందే. బోరు నీళ్ల ఇంట్లో కొత్తది కొంటుంటే రిమ్‌లెస్ రకం చూడండి. దానికి బోలు అంచు, చిన్న రంధ్రాలు ఉండవు. వెనకనుంచి వెడల్పాటి చీలిక ద్వారా నీళ్లు రెండు పక్కలకీ పరుచుకుంటాయి. గార దానికీ పడుతుంది గానీ, కంటికి కనిపించేచోట పడుతుంది, బ్రష్ అందుతుంది.

కమోడ్ తప్పు కాని సందర్భమూ ఒకటుంది. ఫ్లష్ చేసినప్పుడు బాత్రూమ్ నేల జాలీలోంచి గుడగుడమని చప్పుడొచ్చినా, అక్కడ నీళ్లు పైకి తన్నినా, ఇంట్లో రెండు టాయిలెట్లూ ఒకేసారి మొరాయించినా అడ్డు బయటి లైన్లో ఉంది. అపార్ట్‌మెంట్‌లో అయితే కింద చాంబర్ మూత తీయించి చూడాలి, సొంత ఇల్లయితే సెప్టిక్ ట్యాంక్ నిండిందేమో చూడాలి. చాంబర్‌లో నీళ్లు నిలిచి ఉంటే లైన్ అక్కడినుంచి ముందుకు మూసుకుంది. చాంబర్ ఖాళీగా ఉండి, పైన నీళ్లు ఆగుతుంటే ఇంటికీ చాంబర్‌కీ మధ్య.

రంధ్రాలు ఒకసారి తెరిచాక నిలుపుకోవడం పెద్ద పని కాదు. మా చెల్లెలు ఇప్పుడు నెలకొకసారి రాత్రి పడుకునే ముందు యాభై గ్రాముల నిమ్మ ఉప్పు అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, ట్యాంకులోని ఆ గొట్టంలో పోస్తుంది. సువాసన బిళ్ల తగిలించడం మానేసింది. స్కెచ్ పెన్ గీత పరీక్ష మాత్రం పిల్లలు చేస్తారు, గీత పూర్తిగా చెరిగిందో లేదో వచ్చి చెబుతారు.